పెద్ద తెర మీద పాత పెళ్లి వీడియో

2000 ప్రాంతంలో తీసిన పెళ్లి వీడియో డీవీడీలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లు ఉంటాయి. మన దేశంలో అప్పట్లో నడిచిన పాల్ పద్ధతి కొలత అది. ఇప్పుడు ఇళ్లలోకి వచ్చిన 4కె టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు ఉన్నాయి. పాత వీడియోల్లో చాలావాటి ఆకారం 4:3. కాబట్టి అసలు ఆకారం చెడకుండా తెర ఎత్తంతా నింపితే, ఆ బొమ్మ 2880 × 2160 పిక్సెళ్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. రెండు పక్కలా 480 పిక్సెళ్ల వెడల్పున నల్లటి పట్టీలు మిగులుతాయి. లెక్క వేస్తే డిస్కులో ఉన్న ఒక్కో పిక్సెల్‌కు తెర మీద 15 పిక్సెళ్లు వస్తాయి. ఆ పదిహేనింటిలో ఒక్కదానికి సరిపడా సమాచారమే డిస్కులో ఉంది. మిగతా పద్నాలుగింటినీ ఎవరో ఒకరు లెక్కగట్టి నింపాలి. ఈ నింపే పనినే అప్‌స్కేలింగ్ అంటారు.

నింపేది టీవీ కావచ్చు, డీవీడీ ప్లేయర్ కావచ్చు, ల్యాప్‌టాప్‌లోని వీడియో ప్లేయర్ కావచ్చు. అప్‌స్కేలింగ్ లేకుండా పాత వీడియో పెద్ద తెర మీద నిండుగా కనిపించడం అసాధ్యం. అందువల్ల అప్‌స్కేలింగ్ వాడాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ పని ఎవరికి అప్పగించాలి, ఏ వరుసలో చేయించాలి అన్నవే తేల్చుకోవాల్సిన సంగతులు. ఇద్దరి చేత చేయిస్తే బొమ్మ చెడుతుంది. వరుస తప్పినా చెడుతుంది.

కెమెరా పట్టని వివరాన్ని ఏ పద్ధతీ వెనక్కి తేలేదన్నది ముందే గుర్తుంచుకోవాలి. మండపంలో వెనక వరుసలో కూర్చున్న బంధువు ముఖం డిస్కులో పది పిక్సెళ్ల వెడల్పున ఉంటే, ఆ ముఖంలో ఉన్న సమాచారం అంతే. మంచి అప్‌స్కేలింగ్ చేసేదల్లా ఆ పది పిక్సెళ్లను మెట్లు మెట్లుగా కాకుండా, మరీ మసకబారకుండా, అంచుల చుట్టూ లేని గీతలు పుట్టకుండా పెద్దవి చేయడం.

ముందు ఇంటర్‌లేసింగ్ సంగతి

పాత వీడియో పెద్ద తెర మీద ఎబ్బెట్టుగా ఉందంటే చాలామంది తక్కువ రిజల్యూషన్‌నే తప్పు పడతారు. పెళ్లి వీడియోల విషయంలో ఎక్కువసార్లు దోషం ఇంటర్‌లేసింగ్‌ది. అప్పటి వీడియో కెమెరాలు బొమ్మను మొత్తంగా ఒకేసారి పట్టేవి కావు. సెకనులో యాభయ్యో వంతు సమయంలో ఒకటి, మూడు, అయిదు ఇలా బేసి గీతలను, తర్వాతి యాభయ్యో వంతులో రెండు, నాలుగు, ఆరు ఇలా సరి గీతలను పట్టేవి. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేమ్. సెకనుకు 25 ఫ్రేములు అని డిస్కు చెబుతున్నా, నిజానికి అందులో 50 వేర్వేరు క్షణాలు నమోదై ఉంటాయి.

పాత గాజు గొట్టం టీవీలు కూడా అదే వరుసలో గీతలు గీసేవి కాబట్టి అప్పట్లో ఏ చిక్కూ లేదు. ఇప్పటి టీవీలు మొత్తం ఫ్రేమును ఒక్కసారే చూపిస్తాయి. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో చేతులు నిలకడగా ఉంటాయి కనుక రెండు ఫీల్డులూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి ఫీల్డుకూ ఫీల్డుకూ మధ్య చెయ్యి నాలుగు వేళ్ల దూరం జరిగిపోతుంది. బేసి గీతల్లో చెయ్యి ఒక చోట, సరి గీతల్లో మరో చోట కనిపిస్తుంది. చేతి అంచు దువ్వెన పళ్లలా తయారవుతుంది.

ఈ రెండు ఫీల్డులనూ విడదీసి, ఒక్కోదానిలో లేని గీతలను పక్క గీతల నుంచీ ముందువెనక ఫీల్డుల నుంచీ పూరించడాన్ని డీఇంటర్‌లేసింగ్ అంటారు. ఇది అప్‌స్కేలింగ్‌కు ముందే జరగాలి. ముందు బొమ్మను పెద్దది చేస్తే ఆ పళ్లు కూడా 3.75 రెట్లు సాగుతాయి, పక్క గీతలతో కలిసిపోతాయి. ఏ గీత ఏ ఫీల్డుదో ఇక చెప్పడం కుదరదు. దుకాణంలో డీవీడీని 640 × 480 ఎంపీ4గా మార్చి ఇచ్చిన ఫైళ్లలో ఈ దోషం తరచుగా కనిపిస్తుంది. మార్చినవారు డీఇంటర్‌లేసింగ్ చేయకుండానే కొలత తగ్గించేసి ఉంటారు. అలాంటి ఫైలును ఎంత మంచి టీవీలో వేసినా పళ్లు పోవు. అసలు డిస్కు ఇంట్లో ఉంటే దాని దగ్గరికే వెళ్లాలి.

తెలుసుకోవడం కష్టం కాదు. తలంబ్రాలో, అక్షింతలో, డాన్సో, చెయ్యి చురుగ్గా కదిలే చోట వీడియోను ఆపి ఒక్కో ఫ్రేమే ముందుకు జరపాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లో అందుకు `e` మీట, ఎంపీవీ ప్లేయర్‌లో చుక్క మీట పనిచేస్తాయి. కదిలే వస్తువు అంచున సన్నటి అడ్డగీతలు సమంగా, పదునుగా ఉంటే ఇంటర్‌లేసింగ్ చెక్కుచెదరకుండా ఉన్నట్టు, దాన్ని సరిదిద్దవచ్చు. గీతలు ఒక చోట లావుగా, మరో చోట సన్నగా, మసకగా ఉంటే అప్పటికే ఎవరో కొలత మార్చినట్టు.

వీఎల్‌సీలో `Video` మెనూ కింద `Deinterlace`ను `On` చేసి, `Deinterlace mode`లో `Yadif (2x)` ఎంచుకోవాలి. అదే జాబితాలో ఉండే `Blend` రెండు ఫీల్డులనూ కలిపేస్తుంది. పళ్లు పోతాయి కానీ చేతికి నీడలా రెండో చెయ్యి కనిపిస్తుంది. `Bob` కదలికను బాగానే చూపిస్తుంది గానీ, నిలకడగా ఉన్న చోట పంచె అంచు, మెట్ల అంచు లాంటి అడ్డగీతలు వణుకుతాయి. `Yadif (2x)` సెకనుకు 50 క్షణాలనూ 50 పూర్తి ఫ్రేములుగా ఇస్తుంది. కెమెరా పట్టిన కదలికంతా అలాగే దక్కుతుంది. పెళ్లి వీడియో ఏదో సినిమాలా తడబడకుండా, పాత టీవీలో కనిపించినంత సాఫీగా సాగడానికి కారణం ఈ యాభై.

డీఇంటర్‌లేసింగ్ చేశాక కదలిక సాఫీగా కాకుండా ముందుకు వెళ్లి వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు వెళ్తున్నట్టు అదిరితే, ఫీల్డుల వరుస తారుమారైందని అర్థం. డీవీ క్యాసెట్ కెమెరాలు కింది ఫీల్డును ముందు నమోదు చేసేవి. డీవీడీల్లో ఎక్కువగా పై ఫీల్డు ముందుంటుంది. క్యాసెట్ నుంచి డిస్కుకు ఎక్కించేటప్పుడు ఈ తేడా పట్టించుకోకపోతే ఈ అదురు వస్తుంది. ఎంపీవీలో `deinterlace-field-parity=bff` అని రాస్తే వరుసను బలవంతంగా మార్చవచ్చు.

సినిమా డీవీడీల కథ వేరు. సినిమాను సెకనుకు 24 ఫ్రేములుగా తీస్తారు. పాల్ డీవీడీ కోసం దాన్ని కాస్త వేగం పెంచి 25 చేస్తారు. రెండు ఫీల్డులూ ఒకే క్షణానివి కాబట్టి అక్కడ డీఇంటర్‌లేసింగ్ అక్కర్లేదు. చేస్తే నిలువు వివరం కొంత పోతుంది కూడా. అందుకే దీన్ని ఎప్పుడూ ఆన్‌లో పెట్టి వదిలేయకూడదు.

ప్లేయర్‌లోని పద్ధతులు

ఫీల్డుల గొడవ తీరాక బొమ్మను పెద్దది చేసే పని మొదలవుతుంది. ప్లేయర్లలో కనిపించే పేర్లు చాలా ఉన్నా, వాటి మధ్య తేడా ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది: కొత్త పిక్సెల్ విలువ తేల్చేటప్పుడు చుట్టుపక్కల ఎన్ని పాత పిక్సెళ్లను చూడాలి, దేనికి ఎంత బరువు ఇవ్వాలి?

అతి సులువైనది నియరెస్ట్. దగ్గర్లో ఉన్న ఒక్క పిక్సెల్‌ను చూసి దాన్నే దించేస్తుంది. 576 గీతలను 2160 చేయాలంటే 3.75 రెట్లు పెంచాలి. పిక్సెల్‌ను ముప్పావు వంతుగా కోయలేం కనుక కొన్ని గీతలు నాలుగు పిక్సెళ్ల మందం, కొన్ని మూడు పిక్సెళ్ల మందం అవుతాయి. చీర అంచు ఏటవాలుగా ఉన్న చోట మెట్లు కనిపిస్తాయి, ఆ మెట్లు కూడా ఒకే కొలతలో ఉండవు. వీడియోకు ఇది పనికిరాదు.

బైలీనియర్ చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్లను చూసి, దూరాన్ని బట్టి సగటు కడుతుంది. పని తక్కువ కాబట్టి సాదా ప్లేయర్లు, సాదా పెట్టెలు ఎక్కువగా దీన్నే వాడతాయి. మెట్లు పోతాయి గానీ బొమ్మంతా మసకబారుతుంది. బైక్యూబిక్ పదహారు పిక్సెళ్లను చూస్తుంది. అంచు దగ్గర కేవలం సగటు కట్టకుండా, వెలుగు ఎటు పెరుగుతోందో ఎటు తగ్గుతోందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఇందులోనే రకాలున్నాయి. 1988లో డాన్ మిచెల్, అరుణ్ నేత్రావళి రాసిన పరిశోధన పత్రం మసకకూ, అంచుల చుట్టూ పుట్టే గీతలకూ మధ్య ఎక్కడ ఆగితే కంటికి హాయిగా ఉంటుందో పరిశీలించి ఒక మధ్యస్థ విలువను సూచించింది. ప్లేయర్ల జాబితాల్లో `mitchell` అన్న పేరు అక్కడినుంచే వచ్చింది.

లాంజోస్ మామూలుగా 36 పిక్సెళ్లను చూస్తుంది. హంగరీలో పుట్టిన గణితవేత్త కార్నీలియస్ లాంజోస్ పేరు దీనికి పెట్టారు. క్లాడ్ డ్యూషాన్ 1979లో వాతావరణ సమాచారం కోసం రాసిన పత్రంతో ఈ వడపోత పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఇది అంచులను బాగా నిలబెడుతుంది. దాని బలహీనత కూడా అంచుల దగ్గరే ఉంది. నల్లటి జుట్టు పక్కన వెలుతురు గోడ ఉంటే, జుట్టును ఆనుకుని గోడ కంటే తెల్లటి సన్న గీత ఒకటి, దాని పక్కన కాస్త ముదురు గీత ఒకటి పుడతాయి. దీన్ని రింగింగ్ అంటారు. శుభలేఖలా తెర మీద వధూవరుల పేర్లు వేసే చోట ఇది బాగా బయటపడుతుంది. అక్షరాల చుట్టూ లేత గీత కనిపిస్తే అది రింగింగే.

మంచి డీవీడీకి లాంజోస్ రకం సరిపోతుంది. వీసీడీకి సరిపోదు. వీసీడీలో బొమ్మ 352 × 288 మాత్రమే, అదీ సెకనుకు 1150 కిలోబిట్లకు కుదించినది. ఆ కుదింపు వల్ల అంచుల చుట్టూ ముసురుకునే చుక్కలు, చదునైన చోట గళ్లు అందులో ముందే ఉంటాయి. లాంజోస్‌కు అది దోషమో వివరమో తెలియదు, అన్నిటినీ పదునుగానే పెంచుతుంది. అక్కడ `mitchell` లాంటి మెత్తటి పద్ధతి మేలు.

రంగుల మాటా ఇక్కడే చెప్పుకోవాలి. డీవీడీలో వెలుగునీడలు 720 × 576 కొలతలో ఉంటే, రంగు సమాచారం అటూ ఇటూ సగమే, 360 × 288. 4కె తెర మీద ఒక్కో రంగు చుక్క ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, ఏడున్నర పిక్సెళ్ల ఎత్తున పరుచుకుంటుంది. పెళ్లికూతురి ఎర్రచీర పక్కన పెళ్లికొడుకు తెల్లపంచె ఉన్న చోట ఎరుపు అంచు దాటి తెలుపులోకి కారినట్టు, లేదా మెట్లుగా విరిగినట్టు కనిపించేది ఇందుకే. మంచి ప్లేయర్లు రంగును కూడా అదే శ్రద్ధతో పెంచుతాయి. సాదా ప్లేయర్లు రంగును నియరెస్ట్ పద్ధతిలో దించేస్తాయి. కాబట్టి రెండు ప్లేయర్లను పోల్చాలంటే ముఖాలను కాకుండా ఎర్రచీర అంచును చూడాలి.

ఈ పద్ధతులన్నిటినీ విడివిడిగా ఎంచుకోనిచ్చే ఉచిత ప్లేయర్ ఎంపీవీ. దాని అమరికలు `mpv.conf` అనే చిన్న ఫైలులో ఉంటాయి. విండోస్‌లో అది `%APPDATA%\mpv` ఫోల్డర్‌లో, లినక్స్‌లో `~/.config/mpv` ఫోల్డర్‌లో ఉండాలి. పెళ్లి డీవీడీకి ఈ నాలుగు గీతలు చాలు:

```
profile=high-quality
scale=ewa_lanczossharp
deinterlace=yes
deband=yes
```

మొదటి గీత మెరుగైన లెక్కలు వాడమంటుంది. రెండోది లాంజోస్‌లో ఒక రకం. ఇది నిలువు, అడ్డం విడివిడిగా కాకుండా చుట్టూ గుండ్రంగా చూస్తుంది కనుక ఏటవాలు అంచులు మరింత నునుపుగా వస్తాయి. మూడోది ఫీల్డుల పని. నాలుగోది మండపం వెనక గోడ మీద, సాయంత్రపు ఆకాశంలో వెలుగు మెట్లు మెట్లుగా విరగకుండా చూస్తుంది. వీసీడీ అయితే రెండో గీతలో `scale=mitchell` అని మార్చి, మూడో గీత తీసేయాలి. వీసీడీలో ఇంటర్‌లేసింగ్ ఉండదు. ల్యాప్‌టాప్ పాతదై వీడియో తడబడుతుంటే మొదటి రెండు గీతలు తీసి `scale=bicubic` పెట్టుకోవచ్చు. నడుస్తుండగా `d` మీట నొక్కితే డీఇంటర్‌లేసింగ్ మారుతుంది. `i` మీట నొక్కితే అసలు వీడియో కొలత, తెర కొలత, జారిపోయిన ఫ్రేముల లెక్క కాసేపు తెర మీదికి వస్తాయి.

నిజం చెప్పాలంటే బైక్యూబిక్‌కూ లాంజోస్‌కూ ఉన్న తేడా కూర్చునే దూరం నుంచి స్వల్పమే. బైలీనియర్ నుంచి పైకి వస్తే తేడా తెలుస్తుంది. డీఇంటర్‌లేసింగ్ సరిచేస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. టీవీ షార్ప్‌నెస్ సరిచేసినా అంతే.

టీవీ చేతిలో ఏముంది

టీవీ తన స్కేలింగ్‌ను ఆన్, ఆఫ్ చేసే మీట ఇవ్వదు. దానికి అందిన సిగ్నల్ తెర కొలతకు తక్కువైతే తనంతట తానే పెంచుతుంది, సమానమైతే ఊరుకుంటుంది. అంటే ఎవరు స్కేల్ చేయాలో నిర్ణయించేది టీవీకి పంపే సిగ్నల్ కొలత. ల్యాప్‌టాప్ 3840 × 2160 పంపితే ప్లేయర్ స్కేల్ చేసినట్టు. డీవీడీ ప్లేయర్‌ను 576p దగ్గర పెడితే టీవీ స్కేల్ చేసినట్టు. డీవీడీ ప్లేయర్‌ను 1080p దగ్గర పెడితే అది 576ను 1080 చేస్తుంది, టీవీ దాన్ని మళ్లీ 2160 చేస్తుంది. మొదటి మెట్టులో పుట్టిన రింగింగ్‌ను రెండో మెట్టు అంచు అనుకుని పదును పెడుతుంది. చవక డీవీడీ ప్లేయర్‌లోని స్కేలర్ కంటే 4కె టీవీలోనిదే సాధారణంగా మెరుగు. అందుకని ప్లేయర్ మెనూలో తక్కువ కొలత ఎంచుకోవడమే మంచిది. డీటీహెచ్ పెట్టెలో ఎస్‌డీ చానళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మాత్రం వద్దు. పసుపు తీగలో రంగూ వెలుగూ కలిసిపోయి వస్తాయి, వాటిని మళ్లీ శుభ్రంగా విడదీయడం టీవీ వల్ల కాదు.

అందుతున్న సిగ్నల్ ఏదో టీవీలో సమాచారం చూపే మీట నొక్కితే చాలా మోడళ్లలో తెలుస్తుంది. విండోస్‌లోనైతే డిస్‌ప్లే సెట్టింగుల్లో కొలత, రిఫ్రెష్ రేటు రెండూ కనిపిస్తాయి. ఆ రెండో అంకె దగ్గరే పాత ల్యాప్‌టాప్‌లతో చిక్కు వస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్ 4కె కొలతను సెకనుకు 30 బొమ్మలకు మించి పంపలేదు. యాభై క్షణాల పెళ్లి వీడియోలో ఇరవై రాలిపోతాయి, నడక కుంటుతుంది. అలాంటప్పుడు 4కె మీద పట్టు వదిలి 1920 × 1080, 50 హెర్ట్జ్ ఎంచుకోవడం తెలివైన పని. ప్లేయర్ 576ను 1080 చేస్తుంది, టీవీ దాన్ని సరిగ్గా రెట్టింపు చేస్తుంది. ఇక్కడ స్కేలింగ్ రెండుసార్లు జరుగుతున్న మాట నిజమే. అయినా కాస్త పదును పోవడం కంటే కదలిక కుంటడమే కంటికి ఎక్కువ బాధ. కొత్త ల్యాప్‌టాప్ అయినా 60 హెర్ట్జ్ కంటే 50 హెర్ట్జ్ మేలు. యాభైని అరవైలో సర్దాలంటే సెకనుకు పది బొమ్మలు రెండేసిసార్లు చూపాల్సి వస్తుంది.

స్కేలింగ్ ప్లేయరే చేసినా, టీవీ మిగతా అమరికలు పనిచేస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ చేటు చేసేది షార్ప్‌నెస్. ఇది కొత్త వివరం తేదు. అంచుకు అటు నల్లగా, ఇటు తెల్లగా గీత గీసి పదునుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. పిక్సెళ్లు పెద్దవైన పాత వీడియోలో ఆ గీతలు లావుగా కనిపిస్తాయి. ముఖాల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. షార్ప్‌నెస్ ఏమీ చేయని స్థానం ఒక్కో కంపెనీ టీవీలో ఒక్కో చోట ఉంటుంది. కొన్నిటిలో సున్నా, కొన్నిటిలో మధ్యన. దాన్ని పట్టుకోవడానికి ల్యాప్‌టాప్‌లో బూడిదరంగు పేజీ మీద నల్లటి పెద్ద అక్షరాలు రాసి తెర మీద పెట్టి, దగ్గర నిలబడి షార్ప్‌నెస్‌ను పూర్తిగా పెంచాలి. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. అది మాయమయ్యే దాకా తగ్గించాలి. ఇంకా తగ్గిస్తే అక్షరాలే మసకబారడం మొదలవుతుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్నదే తటస్థ స్థానం.

ఎల్‌జీ టీవీల్లో సూపర్ రిజల్యూషన్, సోనీ టీవీల్లో రియాలిటీ క్రియేషన్ అని కనిపించే అమరికలు షార్ప్‌నెస్ కంటే తెలివైనవి. ఏది అంచు, ఏది వస్త్రపు నేత, ఏది గోల అని పోల్చుకుని పదును పెట్టడానికి ప్రయత్నిస్తాయి. శుభ్రమైన డీవీడీ సిగ్నల్‌ను టీవీకి నేరుగా ఇచ్చినప్పుడు తక్కువ స్థాయిలో ఇవి మేలు చేస్తాయి. ప్లేయర్ అప్పటికే లాంజోస్‌తో పదును పెట్టి ఉంటే వీటిని ఆపేయాలి. పదును ఒక్క చోటే పెట్టాలి.

నాయిస్ రిడక్షన్ రెండు రకాలు. మామూలుది మసక వెలుతురులో కెమెరా పుట్టించే చుక్కలను తగ్గిస్తుంది. ఎంపెగ్ నాయిస్ రిడక్షన్ కుదింపు గళ్లను తగ్గిస్తుంది. వీసీడీకి రెండోది మధ్యస్థంగా పెడితే ఉపయోగమే. మొదటిది ఎక్కువైతే ముందు ఫ్రేములో ఉన్న ముఖాన్ని ఇప్పటి ముఖంతో కలుపుతుంది. తల తిప్పినప్పుడు చర్మం మైనంలా నున్నగా మారి, కళ్లూ పెదవులూ ఒక్క క్షణం ఆలస్యంగా కదిలినట్టు ఉంటాయి. అది కనిపించిన వెంటనే తగ్గించాలి. కదలికను కృత్రిమంగా సాఫీ చేసే అమరికలకూ యాభై ఫ్రేముల వీడియోతో పని లేదు.

మరో రెండు అమరికలు బొమ్మ ఆకారానికి సంబంధించినవి. ఓవర్‌స్కాన్ ఆన్‌లో ఉంటే టీవీ నాలుగు అంచులనూ కొద్దిగా కోసి మిగతాదాన్ని సాగదీస్తుంది. 4కె సిగ్నల్ వచ్చినా అనవసరంగా మరోసారి స్కేల్ చేసినట్టే అవుతుంది. ఎల్‌జీలో దీన్ని ఆపే అమరిక పేరు జస్ట్ స్కాన్. ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ నాలుగు మూలలూ తెర మీద పూర్తిగా కనిపిస్తే ఓవర్‌స్కాన్ లేనట్టే. ఇక 4:3 బొమ్మను తెర వెడల్పంతా నింపితే మనుషులు మూడో వంతు లావెక్కుతారు. నల్లపట్టీలు నచ్చక చాలా ఇళ్లలో చేసే పని ఇది. పట్టీలను భరించడమే ఆ మనుషులకు మర్యాద.

న్యూరల్ పద్ధతుల మాట

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పక్క పిక్సెళ్లను బట్టి లెక్క కట్టే పద్ధతులు. న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులు లక్షల బొమ్మలను చూసి, మసక అంచు వెనక అసలు అంచు ఎలా ఉండి ఉంటుందో అంచనా వేస్తాయి. టీవీ కంపెనీలు ఏఐ అప్‌స్కేలింగ్ అంటున్నది వీటినే. ఎన్విడియా 2023 ఫిబ్రవరిలో తన ఆర్టీఎక్స్ కార్డులకు ఆర్టీఎక్స్ వీడియో సూపర్ రిజల్యూషన్ ఇచ్చింది. అది క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలో నడిచే వీడియోను పెంచుతుంది. ఎంపీవీలో కూడా ఎఫ్‌ఎస్‌ఆర్‌సీఎన్‌ఎన్‌ఎక్స్ లాంటి చిన్న నెట్‌వర్కులను షేడర్ ఫైళ్ల రూపంలో చేర్చుకోవచ్చు.

గోడ అంచు, స్తంభం, నగల గీతలు వీటితో చక్కగా వస్తాయి. ముఖాల దగ్గర జాగ్రత్త కావాలి. దగ్గరి షాట్లలో సమాచారం చాలినంత ఉంటుంది, ఫలితం బాగుంటుంది. దూరపు షాట్లలో పది పిక్సెళ్ల ముఖానికి బలమైన పద్ధతి కళ్లూ ముక్కూ గీస్తుంది, కానీ అవి ఆ మనిషివి కావు. తెలుగు అక్షరాల విషయంలోనూ ఇదే ప్రమాదం. డిస్కులో ఒత్తు నాలుగైదు గీతల ఎత్తుకు మించదు. గుండ్రటి మలుపును నెట్‌వర్క్ కలిపేస్తే ఒక ఒత్తు మరో ఒత్తులా మారుతుంది. పేర్లు వేసిన చోట వీడియోను ఆపి అసలుతో పోల్చి చూస్తే ఆ పద్ధతి ఎంత కల్పిస్తోందో తేలిపోతుంది. ఇంటి జ్ఞాపకాలకు ఇలాంటి పద్ధతిని చూసేటప్పుడు మాత్రమే వాడాలి. పెంచిన వీడియోను కొత్త ఫైలుగా దాచి, అసలు డిస్కు పారేయడం తగదు. కల్పించిన వివరాన్ని ఆ తర్వాత ఎవరూ వేరు చేయలేరు.

ఏ పద్ధతిని పోల్చినా ఆపిన బొమ్మతో తీర్పు చెప్పకూడదు. ఆపినప్పుడు పదునుగా కనిపించే పద్ధతి కదిలేటప్పుడు అంచులను వణికించవచ్చు. ఒకే ఇరవై సెకన్ల ముక్కను రెండు అమరికలతో, రోజూ కూర్చునే చోటు నుంచే చూడాలి. ఆ ముక్కలో చురుకైన చేతి కదలిక, తెర మీది పేర్లు, మండపం కింది నీడ ఉంటే ఫీల్డులు, రింగింగ్, గళ్లు మూడూ ఒకేసారి తేలిపోతాయి.

కూర్చునే చోటు అన్నది చిన్న మాట కాదు. మామూలు చూపున్న కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే సన్నటి వివరం విడిగా కనిపించదు. 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 68.5 సెంటీమీటర్లు. అందులో 576 గీతలు సర్దితే ఒక్కో గీత 1.2 మిల్లీమీటర్ల మందం. ఆ గీతలు కంటికి కలిసిపోవాలంటే దాదాపు నాలుగు మీటర్లు, అంటే పదమూడు అడుగుల దూరం కావాలి. మన హాళ్లలో సోఫా ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది అడుగుల దగ్గరే ఉంటుంది. అక్కడినుంచి డీవీడీ బొమ్మ ఎంత బాగా పెంచినా మెత్తగానే ఉంటుంది. వీసీడీలో గీతలు అందులో సగమే కాబట్టి అవి కలిసిపోవడానికి ఎనిమిది మీటర్లు వెళ్లాలి. అంత హాలు చాలా ఇళ్లలో ఉండదు. దానికి మిగిలిన ఉపాయం బొమ్మను చిన్నది చేసి చూడటం. ఎంపీవీ నడుస్తుండగా `Alt` పట్టుకుని `-` మీట నొక్కుతూ పోతే బొమ్మ తెర మధ్యలో కుదించుకుంటుంది. తెర ఎత్తులో సగానికి తెస్తే వీసీడీ గీత మందం కూడా 1.2 మిల్లీమీటర్లకు దిగి, డీవీడీకి సరిపోయిన నాలుగు మీటర్ల దూరమే దానికీ సరిపోతుంది.